తరగతిలో పైకి చదివించవద్దని సైకాలజిస్టు రాస్తే పూర్తిగా ఆపేయాలా?

ఏడో తరగతి టీచరు: మా తరగతిలో ఒక బాబుకు చదవడంలో ఇబ్బంది, దానికి తోడు విపరీతమైన ఆందోళన. క్లినికల్ సైకాలజిస్టు ఉత్తరం పంపారు: తరగతిలో పైకి చదివించవద్దు, పరీక్షలో నాలుగో వంతు అదనపు సమయం ఇవ్వండి అని. చదివించడం మానేస్తే భయం ముదరదా?

లెక్కల మాస్టారు: తప్పకుండా ముదురుతుంది. తప్పించుకున్నకొద్దీ భయం పెరుగుతుందే తప్ప తగ్గదు. రోజూ నిలబెట్టి చదివించండి, వారంలో అలవాటు పడతాడు.

ఒక తల్లి: మా అమ్మాయిని అలాగే నిలబెట్టారండి. తన వంతుకు ఏ పేరా వస్తుందో వేలితో లెక్కపెట్టుకుంటూ కూర్చునేది. అంతవరకు మిగతావాళ్లు చదివింది ఒక్క ముక్క చెవికెక్కేది కాదు. నెల తిరిగేసరికి తెలుగు పీరియడు ఉన్న ప్రతిరోజూ కడుపునొప్పి. ఇలాంటి ఉత్తరం చూపిస్తే పెద్ద పరీక్షల్లోనూ సమయం ఇస్తారా?

మరో క్లినికల్ సైకాలజిస్టు: అమ్మా, ఉత్తరం ఒక్కటే సాధారణంగా చాలదు. పరీక్ష నిర్వహించేవారి నిబంధనలు వేరుగా ఉంటాయి, ముందుగానే అడగండి.

టీచరుగారూ, మాస్టారు చెప్పినదాంట్లో సగం నిజం. తప్పించుకోవడం భయాన్ని పెంచుతుంది. కానీ భయపడినది జరగలేదని పిల్లవాడు స్వయంగా చూసినప్పుడే భయం తగ్గుతుంది. ఈ బాబు నిజంగానే అక్షరాల దగ్గర తడబడతాడు, కాబట్టి ఉన్నపళంగా నిలబెడితే ప్రతిసారీ భయపడిందే జరుగుతుంది. ఆ ఉత్తరంలో లోపం ఏమిటంటే, ‘వద్దు’ అని ఉంది, ఎప్పటివరకో లేదు. నేనైతే ఇలా రాస్తాను: హఠాత్తుగా లేపవద్దు. పేరాను ముందురోజే ఇచ్చి, మొదట మీ ఒక్కరి దగ్గరే చదివించండి. అది తేలికయ్యాక ఒక స్నేహితుడి ముందు, తర్వాత తరగతిలో ఒక్క వాక్యం. తేదీని చూసి కాదు, భయం తగ్గడాన్ని చూసి మెట్టు మార్చండి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మళ్లీ సమీక్షించాలి. ఈ మార్పు మీరే చేయకుండా, రాసినవారితో మాట్లాడి చేర్పించండి.

అదనపు సమయం పనిచేస్తోందో లేదో తెలియాలంటే, మామూలు సమయం ముగియగానే పెన్ను రంగు మార్పించండి. కొత్త రంగులో కొత్త జవాబులు కనిపిస్తే నిదానంగా చదవడం కారణం కావచ్చు, సమయం ఉపయోగపడుతోంది. రాసినదే కొట్టేసి మళ్లీ రాస్తుంటే ఆ సమయం ఆందోళనకే పోతోందేమో చూడాలి.

లెక్కల మాస్టారు: రంగు పెన్ను సంగతి బాగుంది, నేనూ చేసి చూస్తాను. కానీ వాడికొక్కడికే ఎందుకని మిగతా పిల్లలు అడిగితే?

క్లినికల్ సైకాలజిస్టు: ‘ఎవరికి అవసరమైనది వారికి ఇస్తాను’ అనండి. సమస్య పేరు చెప్పకండి.

ఒక తల్లి: దీనికి నేను ఒప్పుకోను. దాచినకొద్దీ మా అమ్మాయిని మొద్దు అన్నారు. తానే లేచి చెప్పిన రోజునుంచి అనడం మానేశారు.

క్లినికల్ సైకాలజిస్టు: తనకు తానుగా చెప్పింది కదా, అది వేరు. ఈ బాబు ఏం కోరుకుంటున్నాడో ఇంకా ఎవరూ అడిగినట్లు లేదు.

ఏడో తరగతి టీచరు: నేను అడగలేదు, నిజమే. వాడి పాత జవాబు పత్రం ఇప్పుడే తీసి చూశాను. కొట్టివేతలు దాదాపు లేవు. చివరి రెండు ప్రశ్నలు ఖాళీగా ఉన్నాయి. వాటికి ముందు జవాబు వాక్యం మధ్యలోనే ఆగిపోయింది.