ఒక్కటే మెషిన్, మూడు సరుకులు: దేన్ని ముందు నడపాలి?

చర్లపల్లి తమ్ముడు:
మాది ప్లాస్టిక్ సరుకు అచ్చుపోసే ఒకే ఇంజెక్షన్ మోల్డింగ్ మెషిన్. నెలకు 500 గంటలకు మించి నడవదు. ముడిసరుకు, కరెంటు, ప్యాకింగ్ పోగా డబ్బాకు 24 రూపాయలు, మగ్గుకు 7 రూపాయలు, సీసా క్యాప్‌కు 70 పైసలు మిగులుతాయి. చేతిలో ఉన్న ఆర్డర్లన్నీ పూర్తి చేయాలంటే 600 గంటలు కావాలి. అన్నయ్య డబ్బా ముందు నడిపి, క్యాప్‌లను చివరికి వదిలేస్తున్నాడు. ఇది సరైనదేనా?

అచ్చుల మేస్త్రి:
తమ్ముడూ, ఒక్కో సరుకు గంటకు ఎన్ని దిగుతాయో చెప్పండి. అది లేకుండా 24 పెద్దదా, 70 పైసలు పెద్దదా అని తేల్చలేం.

చర్లపల్లి తమ్ముడు:
డబ్బాకు 50 సెకన్లు, దాని మూతకు వేరే మోల్డు మీద 40 సెకన్లు, అంటే గంటకు 40 జతలు. మగ్గులు 150. క్యాప్ మోల్డులో ఒక్కసారికి ఎనిమిది పడతాయి, 16 సెకన్లు, గంటకు 1,800.

అచ్చుల మేస్త్రి:
అయితే వరుస తిరగబడింది. డబ్బా గంటకు 960 రూపాయలు మిగులుస్తుంది, మగ్గు 1,050, క్యాప్ 1,260. మీకు కరువైనది మెషిన్ గంట. ఏది ఆ గంటకు ఎక్కువ ఇస్తుందో దాన్ని ముందు నింపి, మిగిలిన గంటల్లో తర్వాతది నడపాలి. మీరు వంద గంటల క్యాప్ పని వదులుకుని ఆ గంటలు డబ్బాకు ఇస్తున్నారు. గంటకు 300 చొప్పున నెలకు 30,000 పోతోంది.

ఖాతాల రావు:
ఇది సగం లెక్క. అద్దె, జీతాలు, బ్యాంకు వాయిదా ఎక్కడ? ఒక్కో సరుకు అమ్మకం విలువను బట్టి వాటిని పంచి, నికర లాభం చూడాలి. ఖర్చులన్నీ తీయకుండా ఏది మంచిదని ఎలా చెబుతారు?

అచ్చుల మేస్త్రి:
రావు గారూ, డబ్బా చేసినా, క్యాప్ చేసినా అద్దె అంతే. మెషిన్ గంటల మీద పంచితే ప్రతి గంట నుంచీ ఒకే మొత్తం తీసేస్తారు, వరుస మారదు. అమ్మకం విలువ మీద పంచితే ధర ఎక్కువున్న సరుకు నెత్తిన ఎక్కువ అద్దె పడుతుంది. మీ పంపకం వల్ల వరుస మారుతుంది తప్ప మెషిన్ వల్ల కాదు. ఈ వ్యాపారం మొత్తంగా నిలబడుతుందా అన్న ప్రశ్నకు మీ లెక్క కావాలి. ఈ నెల ఏది నడపాలన్న ప్రశ్నకు అక్కరలేదు.

కొత్త సభ్యుడు:
రెండో మెషిన్ కొంటే సరిపోతుంది కదా.

బెజవాడ ప్రెస్సు:
నా అనుభవం చెబుతాను. మాది ఆఫ్‌సెట్ ముద్రణ. గంటకు ఎక్కువ ఇస్తుందని ఒకే పెద్ద కంపెనీ లేబుళ్ళు పట్టుకున్నాం. పెళ్ళి పత్రికల వాళ్ళను వెనక్కి పంపాం. రెండేళ్ళకు ఆ కంపెనీ సొంత మెషిన్ పెట్టుకుంది. వెనక్కి పంపినవాళ్ళు తిరిగి రాలేదు. గంట లెక్క ఎవరు చూపించినా నాకు ఆ రోజులే గుర్తొస్తాయి.

ఖాతాల రావు:
అడిగింది మోల్డింగ్ గురించి. మీ ప్రెస్సు కష్టం ఇక్కడ లెక్క కాదండీ.

అచ్చుల మేస్త్రి:
రావు గారూ, ఆయన మాట తోసేయకండి. తమ్ముడూ, మరో విషయం ముందే అడగాల్సింది, నేను తొందరపడ్డాను. మోల్డు మార్చడానికి ఎంతసేపు? క్యాప్‌లు ఒకేసారి తీసుకుంటారా, కొంచెం కొంచెంగానా?

చర్లపల్లి తమ్ముడు:
మోల్డు మార్చి, పాత రంగు పోయి సరుకు సరిగా దిగేసరికి మూడు గంటలు. క్యాప్‌ల కంపెనీ దాదాపు రోజూ 15,000 అడుగుతుంది. డబ్బాలు ఒక్క విడతకు 4,000 చేస్తాం.

అచ్చుల మేస్త్రి:
అయితే నేను చెప్పిన 1,260 చెల్లదు. 15,000 క్యాప్‌లకు నడక ఎనిమిది గంటల పైచిలుకు. క్యాప్ మోల్డు ఎక్కించడానికి మూడు, అది దించి మళ్ళీ పాతది ఎక్కించడానికి మరో మూడు. మొత్తం 14 గంటలు దాటుతుంది. వచ్చేది 10,500. అంటే గంటకు 733 మాత్రమే. డబ్బాకు రెండు మోల్డు మార్పులు కలిపితే 106 గంటలకు 96,000, గంటకు దాదాపు 906. రోజువారీ విడతలైతే మీ అన్నయ్య వరుసే నయం.

ఖాతాల రావు:
చూశారా! నిన్న 30,000 నష్టమన్నారు, ఇవాళ నయమంటున్నారు. పూటకో మాట మార్చే లెక్క మీద వ్యాపారం ఎలా చేస్తారు?

అచ్చుల మేస్త్రి:
లెక్క మారలేదు, నాకు తెలిసింది మారింది. తెలియకుండా చెప్పడం నా తప్పు, ఒప్పుకుంటాను. కానీ మీరు మొదటి నుంచీ అద్దె దగ్గరే ఆగిపోయారు. మోల్డు మార్చే గంటల గురించి మీరు ఒక్కసారైనా అడిగారా? తమ్ముడూ, ఆ కంపెనీని వారానికి ఒకసారి 90,000 తీసుకోమనండి. 50 గంటల నడక, ఆరు గంటల మార్పు, 63,000 రూపాయలు. గంటకు 1,125 అవుతుంది. అప్పుడు క్యాప్‌లే ముందు.

చర్లపల్లి తమ్ముడు:
అసలు సంగతి చెప్పాలి. ఇందాకటి నుంచి దాస్తున్నాను. అన్నయ్యకు ఈ లెక్కలు తెలియక కాదు. డబ్బా అడుగున మా నాన్నగారి పేరు అచ్చు ఉంటుంది. క్యాప్ మోల్డు కంపెనీది, వాళ్ళు రేపు తీసుకెళ్ళొచ్చు. “మనం ఇంకొకరి అచ్చు తిప్పే కూలీలం అవుతాం” అంటాడు. దీని మీద ఇంట్లో మూడు వారాలుగా సరిగా మాటల్లేవు.

బెజవాడ ప్రెస్సు:
నేను చెప్పాలనుకున్నది అదే. మీ అన్నగారి భయం నిజమైనది.

అచ్చుల మేస్త్రి:
నిజమైనదే. దానికి ధర ఉంది, అది తెలుసుకుని పట్టుబట్టమంటున్నాను. వారానికోసారి క్యాప్‌లకు కంపెనీ ఒప్పుకుంటే, వంద గంటలు డబ్బాకే ఉంచినందుకు గంటకు దాదాపు 220 చొప్పున నెలకు దాదాపు 22,000 వదులుకుంటారు. పేరు నిలబెట్టుకోవడానికి అది ఎక్కువా, తక్కువా అన్నది మీ ఇద్దరూ తేల్చుకోవాలి. మధ్యలో ఒక దారి ఉంది. క్యాప్‌లు ముందు నడిపితే గంటలు చాలని 4,000 డబ్బాలు మరో మోల్డింగ్ వాళ్ళతో చేయించండి. మీ ఖర్చు కంటే డబ్బాకు పది రూపాయలు ఎక్కువ అడిగినా ఇంకా 14 మిగులుతుంది, మీ మెషిన్ గంట ఒక్కటీ పోదు.

బెజవాడ ప్రెస్సు:
మోల్డు బయటికి వెళితే నకలు తీస్తారు. దాన్ని ఏ లెక్కలో వేస్తారు? అయినా 22,000 అన్నది ఆ క్యాప్ కంపెనీ ఉన్నన్నాళ్ళే. వాళ్ళు వెళ్ళిపోయిన నెల లెక్క ఎవరూ వేయడం లేదు.

ఖాతాల రావు:
ఆ మాట వరకు నేనూ ఒప్పుకుంటాను. అయినా అద్దె సంగతి నేను వదలలేదు.

చర్లపల్లి తమ్ముడు:
నిన్న కంపెనీతో మాట్లాడాను. వారానికోసారి అంటే నిల్వ స్థలం చూసి చెబుతామన్నారు. మోల్డు బయటికి పంపేది లేదని అన్నయ్య తెగేసి చెప్పాడు. కానీ మధ్యాహ్నం తానే గడియారం పట్టుకుని మెషిన్ దగ్గర నిలబడ్డాడు. డబ్బాకు 50 సెకన్లు కాదు, 58 పడుతోంది. పొద్దున 50 లోపే ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ పెరుగుతోంది.

అచ్చుల మేస్త్రి:
మోల్డుకు వెళ్ళే నీళ్ళు వేడెక్కుతున్నాయి. డబ్బా గోడ మందం, అది చల్లబడేదాకా మోల్డు తెరవలేరు, సగానికి పైగా సమయం అక్కడే పోతుంది. ఎనిమిది సెకన్లు పెరిగితే గంటకు 37 జతల లోపే, మోల్డు మార్పులు కలపకముందే 960 కాస్తా దాదాపు 880 అవుతుంది. ముందు నీటి గొట్టాల్లో గార పట్టిందేమో విప్పి చూడండి. ఆ తర్వాత మూడు సరుకులకూ మధ్యాహ్నం పూట మంచి సరుకు ఎన్ని దిగిందో లెక్కపెట్టి పెట్టండి, మళ్ళీ వేద్దాం.