బ్యాలెన్స్ షీట్ టాలీ అయింది, అయినా మూడు స్టేట్‌మెంట్లూ కలవడం లేదని బ్యాంకు తిప్పి పంపింది. ఎక్కడ చూడాలి?

చీమకుర్తి స్లాబ్స్
పొద్దున్నుంచి ఈ షీటు ముందే కూర్చుని ఉన్నాను, ఇక బుర్ర పనిచేయడం లేదు. గ్రానైట్ కటింగ్, పాలిషింగ్ యూనిట్‌కి టర్మ్ లోన్ కోసం ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చాం. బ్యాంకు వాళ్లు "లాభనష్టాల ఖాతా, బ్యాలెన్స్ షీట్, క్యాష్ ఫ్లో ఒకదానితో ఒకటి కలవడం లేదు, సరిచేసి ఇవ్వండి" అని ఒక్క లైను రాసి వెనక్కి ఇచ్చారు. ఎక్కడ కలవలేదో అడిగితే మీ ఆడిటర్‌ని అడగండి అంటున్నారు. నా బ్యాలెన్స్ షీట్ మొదటి ఏడాదికి రెండు వైపులా 114 లక్షలు, పైసా తేడా లేదు. టాలీ అయిన షీటులో తప్పు ఎట్లా ఉంటుంది? సోమవారం లోపు మళ్లీ ఇవ్వాలి, కాస్త ఎవరైనా చెప్పండి.

పద్దుల పుస్తకం
అంకెలు పెట్టకుండా ఎవరూ చెప్పలేరు.

జీఎస్టీ నెల్లూరు
అందరూ చేసే పొరపాటు ముందు చూసుకోండి. మెషినరీ కొటేషన్‌లో జీఎస్టీ కలిపి ఉంటుంది, దాన్నే తీసుకొచ్చి ఆస్తుల్లో వేస్తారు. ఆ పన్నుకి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకునేటట్టయితే అది మెషిన్ ఖరీదులోకి రాకూడదు, దాని మీద తరుగుదల కూడా వేసుకోకూడదు, క్రెడిట్టూ తరుగుదలా రెండూ కుదరవు. క్రెడిట్ వాడుకునేదాకా అది బ్యాలెన్స్ షీట్‌లో రావలసిన మొత్తంగా విడిగా కనపడాలి. ప్రాజెక్టు రిపోర్టుల్లో నూటికి తొంభై మంది దీన్ని పట్టించుకోరు. మీ మెషినరీ అంకె పన్నుతో కలిపా, పన్ను లేకుండానా?

ఇందుకూరుపేట ఆక్వా
నాదీ ఇదే బాధ అన్నా. రొయ్యల చెరువులు, లెక్కలో లాభం కనపడుతుంది, చేతిలో రూపాయి ఉండదు. మేత బాకీ కట్టేసరికి పంట డబ్బులన్నీ పోతాయి. మళ్లీ పిల్ల వేయాలంటే అప్పే. బ్యాంకు వాళ్లకి ఇది ఎట్లా రాసి చూపించాలి?

చీమకుర్తి స్లాబ్స్
ఇవిగో మొదటి ఏడాది అంకెలు, అన్నీ లక్షల్లో. సొంత సంస్థ, భాగస్వాములు లేరు. షెడ్డు లీజు.

లాభనష్టాలు: అమ్మకాలు 120. బ్లాకులు 50కి కొంటాం, ఏడాది చివర 6 మిగులుతుంది, కాబట్టి వాడింది 44. కరెంటు, కూలి, బ్లేడ్లు, లీజు అన్నీ కలిపి 38. తరుగుదల 12, వడ్డీ 6. లాభం 20.

బ్యాలెన్స్ షీట్: ఒకవైపు పెట్టుబడి 60 (పెట్టింది 40, లాభం 20), టర్మ్ లోన్ 50 (తీసుకున్నది 60, కట్టింది 10), బ్లాకుల వాళ్లకి బాకీ 4. రెండో వైపు మెషినరీ 68, స్టాకు 6, పార్టీల నుంచి రావలసింది 10, కరెంటు డిపాజిట్ 2, క్యాష్ 28.

క్యాష్ ఫ్లో: వచ్చింది సొంతం 40, లోన్ 60, అమ్మకాలు 120. పోయింది మెషినరీ 80, డిపాజిట్ 2, బ్లాకులకి 46, కరెంటు కూలి వగైరా 38, వడ్డీ 6, అసలు కిస్తీలు 10, ఇంటి ఖర్చులకి తీసుకునేది 5. చివర మిగిలింది 33.

రిటైర్డ్ క్రెడిట్ ఆఫీసర్, ఒంగోలు
క్యాష్ ఫ్లో చివర 33 ఉంది. బ్యాలెన్స్ షీట్‌లో క్యాష్ 28. ఆ 28 ఎక్కణ్ణుంచి తెచ్చావు బాబూ?

చీమకుర్తి స్లాబ్స్
అది ఫార్ములా సార్. రిపోర్టు చేసిచ్చినాయన ఫార్మాట్ అదే. అవతలి వైపు మొత్తంలోంచి మిగతా ఆస్తులన్నీ తీసేస్తే వచ్చేది క్యాష్.

రిటైర్డ్ క్రెడిట్ ఆఫీసర్, ఒంగోలు
ఈ మాట మొదటి పోస్టులోనే రావలసింది. రెండు వైపులూ సమానం కావడానికి ఎంత కావాలో అంత క్యాష్ వేసుకుంటే ఆ షీటు ఎప్పుడైనా టాలీ అవుతుంది, లోపల ఎన్ని తప్పులున్నా అవుతుంది. బ్యాంకులో ఫైలు చూసేవాడు ముందు చూసేది టాలీ కాదు. క్యాష్ ఫ్లో చివరి అంకె బ్యాలెన్స్ షీట్ క్యాష్‌తో కలిసిందా, లాభం పెట్టుబడి ఖాతాలోకి సరిగ్గా వెళ్లిందా, లోన్ మిగులు కిస్తీల షెడ్యూలుతో కలిసిందా, ఈ మూడూ చూస్తాడు. నీది మొదటి దాంట్లోనే ఆగింది.

ఆ ఫార్ములా ముందు తీసెయ్. క్యాష్ ఫ్లో చివరి అంకెనే బ్యాలెన్స్ షీట్‌లోకి లింక్ చెయ్. అప్పుడు షీటు టాలీ కాదు, కాకపోవడమే మంచిది, తేడా బయట కనపడుతుంది.

టాలీ మాస్టర్ కావలి
ఇందులో అంత ఆలోచించేది ఏముంది? తేడా 33కీ 28కీ మధ్య 5. ఇంటి ఖర్చులు సరిగ్గా 5. క్యాష్ ఫ్లోలో తీశారు, పెట్టుబడిలో తీయలేదు. పెట్టుబడి 60 బదులు 55 వేయండి, అయిపోయింది.

చీమకుర్తి స్లాబ్స్
వేశాను అన్నా. పాత ఫార్ములా ప్రకారం క్యాష్ ఇప్పుడు 23 వస్తోంది, క్యాష్ ఫ్లోలో 33 అట్లాగే ఉంది. 5 తేడా కాస్తా 10 అయింది! సరిచేస్తే పెరగడం ఏంది? వెనక్కి మార్చేయమంటారా?

రిటైర్డ్ క్రెడిట్ ఆఫీసర్, ఒంగోలు
మార్చొద్దు. కావలి ఆయన చెప్పింది నిజమే, సొంత వాడకం పెట్టుబడిలోంచి తగ్గాల్సిందే, 55 సరైన అంకె. కాకపోతే అది సగమే. నీ షీటులో రెండు తప్పులున్నాయి, ఒకదాన్ని ఇంకొకటి కప్పేస్తోంది. ఒకటి తీసేసరికి రెండోది పూర్తిగా బయటపడింది. తేడా అంకెకి సరిపోయే అంకె ఎక్కడుందా అని వెతికితే ఇట్లాగే దొరికిన మొదటి దానితో ఆగిపోతాం.

ఇప్పుడు ఆ 10 చూడు. పార్టీల నుంచి రావలసింది 10 అని బ్యాలెన్స్ షీట్‌లో నువ్వే రాశావు, అంటే ఒక నెల అమ్మకం అప్పు. మరి క్యాష్ ఫ్లోలో అమ్మకాలు 120 మొత్తం చేతికొచ్చినట్టు వేశావు. అదే సరుకు డబ్బు ఒకచోట వచ్చేసింది, ఇంకోచోట రావలసి ఉంది. చేతికొచ్చేది 110. అప్పుడు క్యాష్ ఫ్లో చివర 23, బ్యాలెన్స్ షీట్ క్యాష్ 23, మొత్తం 109 రెండు వైపులా. బ్లాకుల దగ్గర మాత్రం నువ్వు సరిగ్గానే చేశావు, 50కి కొని 4 బాకీ ఉంచి 46 కట్టినట్టు వేశావు. కొనేటప్పుడు పాటించిన పద్ధతి అమ్మేటప్పుడు పాటించలేదు, అంతే.

టాలీ మాస్టర్ కావలి
సార్, అసలు వాళ్ల ఫార్మాటే తప్పు. బ్యాంకుకి ఇచ్చే క్యాష్ ఫ్లో లాభంతో మొదలవ్వాలి, తరుగుదల తిరిగి కలపాలి. ఇది రిసీట్లు, పేమెంట్లు మాత్రమే. దీన్ని క్యాష్ ఫ్లో అనరు.

పద్దుల పుస్తకం
అంటారు. డైరెక్ట్ పద్ధతి అదే.

టాలీ మాస్టర్ కావలి
బ్యాంకులో ఎవరూ తీసుకోరు. మా దగ్గర చేసేవన్నీ ఇన్‌డైరెక్టే. పైగా కొన్ని చోట్ల ఫండ్ ఫ్లో అని అడుగుతారు, అది వేరే.

రిటైర్డ్ క్రెడిట్ ఆఫీసర్, ఒంగోలు
పేరు మీద గొడవ వద్దు. రెండు దారుల్లోనూ వచ్చే అంకె ఒకటే ఉండాలి, అదే మనకి పరీక్ష. వ్యాపారం నుంచి వచ్చిన డబ్బు మాత్రం తీసుకుందాం. నేరుగా అయితే 110 లోంచి బ్లాకులకి 46, ఖర్చులకి 38, వడ్డీకి 6 తీస్తే 20. లాభం నుంచి మొదలుపెడితే 20కి తరుగుదల 12 కలిపి 32, అందులోంచి పార్టీల దగ్గర ఆగిన 10, స్టాకులో ఆగిన 6 తీసి, మనం కట్టని 4 కలిపితే మళ్లీ 20. పాత షీటులో నేరుగా చేస్తే 30 వచ్చేది, లాభం వైపు నుంచి 20 వచ్చేది, తప్పు అక్కడే దొరికేది. ఈ ఏడాది లాభమూ ఈ డబ్బూ రెండూ 20 రావడం కాకతాళీయం, అవి సమానం కావాలని ఎవరూ అనుకోవద్దు.

ఇంకో సంగతి. కిస్తీలు కట్టే శక్తి చూసే డీఎస్‌సీఆర్‌లో ఈ తప్పు కనపడదు. లాభం, తరుగుదల, వడ్డీ కలిపి 38ని, వడ్డీ, అసలు కలిపి 16తో భాగిస్తే రెండుకు పైనే వస్తుంది, పాత షీటులోనూ కొత్త షీటులోనూ అదే. పార్టీల దగ్గర ఆగిన డబ్బు, ఇంటికి తీసుకున్న డబ్బు ఆ లెక్కలోకి రావు. అందుకే రేషియో బాగుంది కదా అని చాలామంది ఇక్కడ చూడరు.

గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్ యూనిట్
లెక్క సరే, కానీ స్లాబుల అమ్మకంలో నెల అప్పు ఎవరు పాటిస్తున్నారు? మా యూనిట్లో మూడు నెలలు తక్కువ కాదు. బయట రాష్ట్రం పార్టీలయితే ఇంకా సాగుతుంది. కొత్త యూనిట్‌కి ఇంకా కష్టం, ఎందుకంటే పార్టీని పట్టుకోవాలంటే అప్పు ఇవ్వాల్సిందే.

చీమకుర్తి స్లాబ్స్
మూడు నెలలంటే రావలసింది 30 అవుతుంది కదా. క్యాష్ 23 లోంచి ఇంకో 20 పోతే 3 లక్షలు మిగులుతుంది!

రిటైర్డ్ క్రెడిట్ ఆఫీసర్, ఒంగోలు
అవును. లాభం 20 అట్లాగే ఉంటుంది, క్యాష్ మాత్రం 3కి వస్తుంది. 3 లక్షలంటే నీ నెల ఖర్చుల్లో కరెంటు, కూలి వగైరాకే చాలదు, 38ని 12తో భాగించి చూసుకో. ఇది ఏడాది చివరి అంకె మాత్రమే. నెలవారీ వేస్తే మధ్యలో ఏదో నెలలో మైనస్‌లోకి పోవచ్చు. నీ ప్లానులో వర్కింగ్ క్యాపిటల్ లోన్ ఎక్కడా లేదు. మూడు నెలల అప్పే నిజమైతే అది అడగాలి, దాని వడ్డీ మళ్లీ లాభనష్టాల్లో రావాలి. నెల అప్పు అని రాసి పంపితే ఫైలు కలుస్తుంది కానీ ఆ పరిసరాల యూనిట్లన్నీ చూసిన ఆఫీసర్ నమ్మడు.

రెండో ఏడాది వేసేటప్పుడు ఇంకొక్కటి గుర్తుంచుకో. అమ్మకాలు 144 అనుకుంటే నెల అప్పు లెక్కన రావలసింది 12. మళ్లీ 12 మొత్తం తీయకూడదు, పోయిన ఏడాది 10 ఈ ఏడాది వచ్చేసింది కాబట్టి తేడా 2 మాత్రమే తీయాలి, చేతికి 142 వస్తుంది. తేడా చూపే గడి ఒకటి ప్రతి ఏడాది కిందా పెట్టు, అది సున్నా చూపించాలి. గడుల పేర్లు నీ షీటుని బట్టి మార్చుకో:

```
=ROUND(B30-B62,2)
```

B30 బ్యాలెన్స్ షీట్ ఆస్తుల మొత్తం, B62 అవతలి మొత్తం. క్యాష్ గడిలో మాత్రం క్యాష్ ఫ్లో నుంచి వచ్చిన అంకె తప్ప ఇంకేదీ ఉండకూడదు.

ఇందుకూరుపేట ఆక్వా
సార్, మేత బాకీ కూడా ఈ బ్లాకుల బాకీ లాంటిదేనా? మాది పంటకొక్కసారి వస్తుంది డబ్బు, ఏడాది లెక్కలో ఎట్లా చూపించాలి?

జీఎస్టీ నెల్లూరు
మెషినరీ 80 పన్నుతోనా కాదా అని నేను అడిగింది ఎవరూ చెప్పలేదు. పన్నుతో అయితే ఈ 68, ఈ 12 తరుగుదల రెండూ మారతాయి. అప్పుడు లాభమూ మారుతుంది.

టాలీ మాస్టర్ కావలి
ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో మెషిన్లు కొన్న ఏడాదిలో 180 రోజులకన్నా తక్కువ వాడితే ఆ ఏడాది తరుగుదల సగమే, అది కూడా చూసుకోవాలి.

చీమకుర్తి స్లాబ్స్
క్యాష్ 23తో మొదటి ఏడాది కలిసింది సార్, థాంక్స్. మూడు నెలల అప్పుతో ఇంకో కాపీ వేస్తున్నాను, మా ఆడిటర్‌ని వర్కింగ్ క్యాపిటల్ గురించి అడుగుతాను. మెషినరీ కొటేషన్ ఇంట్లో ఉంది, చూసి చెప్తా.

జీఎస్టీ నెల్లూరు
చూశారా?