సమయం మనమే చెప్పాలా, వాళ్లనే అడగాలా?

కొత్తచేయి: మా సాఫ్ట్‌వేర్ గురించి ఒక సంస్థ ఆర్థిక విభాగాధిపతికి మెయిల్ రాశాను. "వినడానికి అభ్యంతరం లేదు" అని జవాబిచ్చారు. "మీకు ఎప్పుడు వీలవుతుందో చెప్పండి" అని రాశాను. తొమ్మిది రోజులైంది, ఉలుకూ పలుకూ లేదు. నేనే ఒక సమయం చెప్పి ఉండవలసిందా?

పాతకాపు: చెప్పి ఉండవలసింది. మీ వాక్యం మర్యాదగానే ఉంది గానీ పనంతా ఆయన నెత్తిన పెట్టింది. క్యాలెండర్ తెరవాలి, ఖాళీ వెతకాలి, ఎంతసేపు పడుతుందో ఊహించాలి, ఆ తర్వాత టైపు చేయాలి. నడుస్తూ ఫోనులో చదివే మనిషి అదంతా చేయడు, సాయంత్రం చూద్దామనుకుంటాడు. ఇప్పుడైనా అదే మెయిల్ వరుసలో, జవాబు రాలేదన్న నిష్ఠూరం లేకుండా ఇలా రాయండి:

"మంగళవారం 14వ తేదీ ఉదయం 11:30 నుంచి 11:50 వరకు ఫోనులో మాట్లాడుకుందామా? బిల్లుల ఆమోదం ఎక్కడ ఆగిపోతోందన్న ఒక్క విషయమే మాట్లాడతాను. వీలైతే 'సరే' అంటే చాలు, ఆహ్వానం నేను పంపుతాను. కుదరకపోతే గురువారం 16న మధ్యాహ్నం 3:30కి కూడా ఖాళీగా ఉంచుకున్నాను."

వారం, తేదీ రెండూ రాయండి. ఒకటి తప్పు పడితే రెండోది పట్టిస్తుంది. మెయిల్ వెళ్లే రోజుకీ మొదటి సమయానికీ మధ్య కనీసం మూడు పనిదినాలు ఉండాలి. ఆ రెండు సమయాలూ మీ క్యాలెండర్‌లో ముందే కట్టేసుకోండి. ఆయన సరే అన్నాక మీరే "క్షమించండి" అంటే ఇక అంతే.

లింకులరాజు: ఇంత తతంగం ఎందుకు? బుకింగ్ లింకు ఇస్తే తనకు నచ్చిన సమయం తనే నొక్కుతాడు. మీరు ఊహించిన 11:30 ఆయనకు కుదురుతుందని ఏం నమ్మకం?

పాతకాపు: కుదరనక్కరలేదు. "11:30 కాదు, 4 గంటలకు" అనడం "ఎప్పుడు?" అన్నదానికి జవాబు వెతకడం కన్నా సులువు. లింకు కూడా వెతుకులాటే, పైగా పేరూ మెయిలూ మళ్లీ నింపాలి. మీ కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు లింకు మంచిదే. మీరు వెంటపడుతున్న మనిషికి ఇస్తే మాత్రం వరుసలో నిలబడమన్నట్టు ఉంటుంది.

గడియారం: ఎవరి 11:30? అది రాయలేదు.

శారద_కొనుగోళ్లు: నేను కొనేవైపు కూర్చునే మనిషిని. ఈ సలహాలు చదివితే ఒళ్లు మండుతోంది. పోయిన నెల ముక్కూమొహం తెలియని ఒకాయన నా క్యాలెండర్‌లో నేరుగా అరగంట పెట్టేశాడు. ఆ సమయానికి నేను ఖాళీగా లేనని చూసి మా సహోద్యోగి అసలు సమావేశాన్ని వాయిదా వేసింది. నా రోజు మీద మీకెవరిచ్చారు హక్కు?

పాతకాపు: అమ్మా, నేను చెప్పింది అది కాదు. ఆహ్వానం "సరే" అన్న తర్వాతే అని పైన రాశాను. చదవకుండా కోప్పడితే ఎలా?

శారద_కొనుగోళ్లు: చదివాను. నేను మాట్లాడతానని అనకముందే "మంగళవారమా, గురువారమా" అని అడిగే మెయిళ్లు రోజూ వస్తాయి. వద్దు అనడానికి అందులో చోటే ఉండదు. మీరు దాన్ని సౌకర్యం అంటున్నారు.

పాతకాపు: ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. ఆసక్తి ఉందో లేదో తెలియని మొదటి మెయిల్‌లో నేనూ సమయం అడగను. "ఈ ఇబ్బంది మీకూ ఉందా?" అని ఆగిపోతాను. కానీ ఇక్కడ ఆయన వింటానన్నారు కదా.

శారద_కొనుగోళ్లు: "అభ్యంతరం లేదు" అంటే వింటానని కాదు. నేను మొహమాటానికి అలాగే రాస్తాను.

లింకులరాజు: అందుకే లింకు. ఇష్టం లేకపోతే నొక్కరు.

గడియారం: నా ప్రశ్న ఎవరికీ పట్టలేదు. బ్రిటన్‌లో ఒకరికి జులైలో "11:30 జీఎంటీ" అని రాశాను. వేసవిలో అక్కడి గడియారాలు గ్రీన్‌విచ్ సమయానికి గంట ముందుంటాయి. ఆయన తన గడియారం చూసుకుని 11:30కి వచ్చి, పావుగంట చూసి వెళ్లిపోయారు. నేను చేరేసరికి అక్కడ 12:30. అప్పటినుంచి "మీ ఊరి సమయం ప్రకారం" అనే రాస్తున్నాను. మూడక్షరాల పొట్టిపేర్ల జోలికి పోను.

కొత్తచేయి: మాదీ ఆయనదీ ఒకే సమయం, ఆ చిక్కు లేదు. పాతకాపు గారి మెయిలే పంపాను, చివర "ఇప్పుడు అవసరం లేదనుకుంటే ఆ మాటే రాయండి" అని శారద గారి కోసం కలిపాను. నలభై నిమిషాల్లో ఆయన సహాయకురాలు రాశారు: "రెండూ కుదరవు. శుక్రవారం 17, ఉదయం 9:00. పదిహేను నిమిషాలే."

లింకులరాజు: చూశారా, చెప్పిన రెండు సమయాలూ పనికిరాలేదు.

పాతకాపు: తొమ్మిది రోజులు రాని జవాబు నలభై నిమిషాల్లో వచ్చింది కదండీ.

శారద_కొనుగోళ్లు: ఆ చివరి వాక్యం వల్ల వచ్చింది.