అప్‌డేట్: ప్రొఫెసర్ జవాబిచ్చారు

ఇంతకుముందు నేను ఇక్కడ మిమ్మల్ని అడిగింది: "పరిచయం లేని ప్రొఫెసర్‌కి రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ కోసం మెయిల్ రాయాలి. ఆయన పేపర్ నిజంగా చదివానని ఎలా తెలుస్తుంది?"

మొదటి మెయిల్‌లో "మీ పరిశోధన నన్ను ఎంతో ఆకట్టుకుంది" అని రాసి, పేపర్ పేరు జోడించాను. జవాబు రాలేదు. ఆ వాక్యం ఎవరికైనా పంపొచ్చని మీరు చెప్పాకే నాకు అర్థమైంది.

ఈసారి పిల్లల మాటలను గుర్తించే మోడల్‌పై ఆయన రాసిన ఒక్క పేపర్‌నే పట్టుకున్నాను. సారాంశం పక్కనపెట్టి, డేటాను ట్రైనింగ్‌కీ టెస్ట్‌కీ ఎలా విడగొట్టారో వెతికాను. ఒకే పిల్లవాడి రికార్డింగులు ట్రైనింగ్‌లోనూ టెస్ట్‌లోనూ ఉంటే, మోడల్ ఆ గొంతుకు అలవాటుపడి తప్పులు తక్కువగా కనిపిస్తాయి. విభజన పిల్లలవారీగా చేశారో లేదో పేపర్‌లో లేదు. డేటాను పిల్లలవారీగా విడగొట్టి, ఆయన పెట్టిన కోడ్‌ని మళ్లీ నడిపితే తప్పులు పెరిగాయి.

మెయిల్‌లో దీన్ని తప్పు పట్టినట్టు కాకుండా ప్రశ్నగానే రాశాను: "విభజన పిల్లలవారీగా చేశారా? నేను అలా చేస్తే తప్పులు పెరిగాయి, నా సెట్టింగ్‌లో పొరపాటుందా?" తర్వాత నేను ఖాళీగా ఉండే నెలలు, కోడ్ లింకు, సీవీ. అంతే, పది లైన్లు.

నాలుగో రోజు జవాబొచ్చింది. విభజన రికార్డింగులవారీగానే జరిగిందట. వచ్చే వారం మాట్లాడదామన్నారు. ఇంటర్న్‌షిప్ ఇంకా ఖాయం కాలేదు. టెన్షన్‌గానే ఉంది, కానీ చాలా సంతోషంగా ఉంది!