అప్‌డేట్: ఆరు నెలల అద్దె ముందే వస్తే ఎలా రాయాలి?

నా ప్రశ్న: కడపలో మా షాపు అద్దెకు తీసుకున్నాయన ఫిబ్రవరి 1న ఆరు నెలలది ఒకేసారి 72,000 వేశారు. మొత్తం ఈ ఏడాది ఆదాయమేనా?

అప్‌డేట్: కాదు. డబ్బు పడిన రోజు బ్యాంకు డెబిట్, ‘ముందుగా వచ్చిన అద్దె’ క్రెడిట్ అని రాశాం. అది అప్పుల వైపు ఉండే ఖాతా. డబ్బు మన దగ్గరున్నా, షాపు వాడుకోనివ్వాల్సిన నెలలు బాకీ ఉన్నట్టే కదా! ప్రతి నెలాఖరున అందులోంచి 12,000 డెబిట్ చేసి అద్దె ఆదాయానికి క్రెడిట్ చేస్తున్నాం. అలా మార్చి 31కి ఆదాయం 24,000 అయింది, మిగతా 48,000 బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపే కూర్చుంది.

సరిచూసుకోవడం తేలికే. మిగిలిన నిల్వను నెల అద్దెతో భాగిస్తే ఇంకా గడవాల్సిన నెలలు రావాలి. మాకు మొదట మూడే వచ్చాయి. వెతికితే మార్చి ఎంట్రీ రెండుసార్లు పడింది. ఒకటి తీసేస్తే నాలుగు వచ్చాయి.

అన్నట్టు, ఖాళీ చేసేటప్పుడు తిరిగిచ్చే అడ్వాన్స్‌ను ఇందులో కలపలేదు. అది డిపాజిట్, నెలలు గడిచినా ఆదాయంలోకి రాదు. దానికి వేరే ఖాతా తెరిచాం.