‘తులనాత్మక ప్రయోజనం’లో తులన దేనికీ దేనికీ?

పలకబలపం: ఎకనామిక్స్ నోట్సు తెలుగులో రాస్తూ, ‘కంపారటివ్ అడ్వాంటేజ్’కి వాడే ఈ మాట దగ్గర ఆగిపోయాను. 1817లో ఆర్థికవేత్త రికార్డో ఇచ్చిన లెక్కలో వైన్, బట్ట రెండూ పోర్చుగల్ తక్కువ మందితోనే చేస్తుంది. పోల్చి చూస్తే ప్రయోజనమంతా దానిదే కదా? ఇంగ్లండుకి మిగిలేదేమిటి? తప్పు మాటదా, నాదా?

గోదారిగట్టు: ఇంగ్లండులో కూలి చవకై ఉంటుందండి, అందుకే పోర్చుగల్ వాళ్ళు అక్కడి బట్ట కొన్నారు.

పాతపుస్తకం: ఆ లెక్కలో కూలి ఊసే లేదండి. ఏడాదికి ఎంతమంది పని అన్నదే ఉంది. పోర్చుగల్‌లో వైన్‌కి 80 మంది, బట్టకి 90. ఇంగ్లండులో వైన్‌కి 120, బట్టకి 100. పోర్చుగల్ తన బట్ట తనే నేస్తే 90 మంది ద్రాక్షతోట వదలాలి. వాళ్ళు తోటలోనే ఉంటే ఆ వైన్ మొత్తం, పైన ఇంకో ఎనిమిదో వంతు వచ్చేది. ఇంగ్లండు అదే బట్ట నేస్తే వదులుకునేది ఆ వైన్‌లో ఆరింట ఐదు వంతులే. తుల అంటే త్రాసు కదా. ఇక్కడ రెండు పళ్ళేల్లోనూ ఉన్నవి ఒకే దేశపు రెండు పనులు. పోర్చుగల్ వైన్, ఇంగ్లండు బట్ట మాత్రమే చేసి సరుక్కి సరుకు మార్చుకుంటే పోర్చుగల్‌కి 10 మంది పని, ఇంగ్లండుకి 20 మంది పని మిగులుతుంది.

సూదిదారం: నాది టైలరింగ్ షాపు, ఇది మా కథలానే ఉంది. నాకు బ్లౌజు కుట్టడానికి గంట, ఆరు బ్లౌజులకి హుక్కులు వేయడానికి గంట. మా దగ్గర పనిచేసే పిల్లకి బ్లౌజుకి మూడు గంటలు, ఆ హుక్కులకి గంటన్నర. రెండింట్లోనూ నేనే స్పీడు. కానీ హుక్కులు నేను పట్టుకుంటే ఒక బ్లౌజు పోతుంది, తను పట్టుకుంటే అర బ్లౌజే. అందుకే జీతం పెంచమంటోంది, ఏం చేయాలో!

పాతపుస్తకం: పెంచాలో వద్దో రికార్డో చెప్పలేదమ్మా. హుక్కులకీ తనకి మూడు గంటలే పట్టుంటే మాత్రం పని పంచుకున్నా ఒక్క బ్లౌజు కూడా ఎక్కువ రాదు. అన్నింట్లోనూ మూడింతలే వెనక ఉంటే త్రాసు మొగ్గదు.

గోదారిగట్టు: సరే, కూలి మాట వెనక్కి తీసుకున్నా. మరి మగ్గం వదిలిన పోర్చుగల్ నేతగాడికి తోటపని వచ్చా? ఆ మిగిలిన పది మంది పనిలో అతని వాటా ఎంత?

పాతపుస్తకం: మంచి ప్రశ్న. మిగులు దేశం మొత్తానికి వేసిన లెక్క. అందులో అతని వాటా ఎంతో ఆ లెక్క చెప్పదు. పైగా పెట్టుబడి, పనివాళ్ళు దేశం దాటరనుకుంటేనే అది నిలుస్తుంది. లేకపోతే ఇంగ్లండు సొమ్ము కూడా పోర్చుగల్‌కే వెళ్ళేది.

పలకబలపం: అయితే ‘ప్రయోజనం’ తీసేసి ‘తులనాత్మక అనుకూలత’ అని రాయనా?

సూదిదారం: అనుకూలతంటే తీరిక అనుకుంటారేమో.

పాతపుస్తకం: నా ఓటు ‘తులనాత్మక వ్యయం’కే. పోయేదేమిటో అందులో వినిపిస్తుంది.

గోదారిగట్టు: వ్యయం అంటే పిల్లలు రూపాయలే అనుకుంటారు. నేను ఒప్పుకోను.