దిల్‌పసంద్‌ని ‘ప్రేమిస్తున్నాం’ అనొచ్చా?

కావలి, బేకరీ వాళ్లమ్మాయి:

అందరికీ నమస్తే. కావలిలో మాది చిన్న బేకరీ. బట్టీ దగ్గర నాన్న, ఇంకో మాస్టర్, కౌంటర్లో నేను. రోజూ సాయంత్రం ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక ఫొటో పెడతాను. నిన్న దిల్‌పసంద్ పెట్టాను. రేకు మీదే నాలుగు ముక్కలు కోసి, ఒక ముక్కని కొంచెం పక్కకి లాగి తీశాను. లోపలి కొబ్బరి, టూటీఫ్రూటీ బాగా కనిపించాయి. కింద ఇలా రాశాను:

‘మేము దిల్‌పసంద్‌ను ప్రేమిస్తున్నాము. మీరు కూడా దీన్ని ప్రేమిస్తారు. ప్రేమతో తయారు చేయబడినది.’

మా మేనత్త ఫోన్ చేసి, ‘ఫొటో చూస్తే తినాలనిపించిందే, రాత చదివితే ఆ కోరిక పోయింది’ అంది. మనసు చివుక్కుమంది కానీ ఆమె అన్నది నిజమే అనిపిస్తోంది. లవ్, లైక్ అనే చోట ప్రేమ, ఇష్టం తప్ప నాకు మాటలు తోచడం లేదు. ఆరు నెలలుగా ఆ రెండే తిప్పి తిప్పి రాస్తున్నాను. ఇంకేమున్నాయి మన దగ్గర?

ఒంగోలు, మొబైల్ షాపు అతను:

‘నచ్చితే లైక్ కొట్టండి, నలుగురికీ షేర్ చేయండి’ అని రాయండి సిస్టర్. మా షాపు పేజీలో అదే రాస్తాం. లైకులు బాగానే వస్తాయి.

కావలి, బేకరీ వాళ్లమ్మాయి:

బటన్ సంగతి కాదన్నా. తినేదాని మీద ఇష్టాన్ని తెలుగులో ఎన్ని రకాలుగా చెప్తామని నా ప్రశ్న.

ఒంగోలు, రిటైరైన తెలుగు మాస్టారు:

అమ్మాయ్, మీ అత్తకి ఎక్కడ తేడా కొట్టిందో చెప్తాను. ‘ప్రేమిస్తున్నాము’ అంటే పని చేసేది మీరు. ‘నచ్చింది’ అన్నప్పుడు మీరేమీ చేయరు. చేసేది ఆ దిల్‌పసంద్. అది వచ్చి మీకు నచ్చుతుంది. మనిషి ‘నాకు’ అని పక్కన నిలబడతాడు. తిండి విషయంలో మన మాటలు చాలా వరకు ఈ దారినే నడుస్తాయి. నాకు నోరూరింది, నాకు మనసైంది, నాకు తినబుద్ధయింది. వీటిలో ఎక్కడా ‘నేను’ లేదు చూడు.

ఇక ప్రేమ. ప్రేమ మనుషుల మీద ఉంటుంది. పళ్లెంలో ఉన్నదాని మీద కాదు, పళ్లెం ముందు కూర్చున్నవాడి మీద. ‘అమ్మ ప్రేమగా పెట్టింది’ అంటాం. ఆ ప్రేమ బిడ్డ మీదిది, గారె మీదిది కాదు. అందుకని ‘ప్రేమగా చేశాం’ అంటే చెల్లుతుంది, ‘కేకుని ప్రేమిస్తున్నాం’ అంటే చెల్లదు. ‘తయారు చేయబడినది’ని మాత్రం ఇవాళే తీసెయ్. బిస్కెట్ ప్యాకెట్ వెనక అచ్చేసిన మాటలా ఉంది.

పొదిలి, అచ్చతెలుగు అభిమాని:

మాస్టారూ, అసలు ప్రేమ, ఇష్టం రెండూ సంస్కృతం నుంచి వచ్చినవి. రెండూ వదిలేస్తే గొడవే లేదు. కూరిమి, వలపు అనే చక్కటి తెలుగు మాటలున్నాయి. ‘వలపుల దిల్‌పసంద్’ అని రాయమనండి.

ఒంగోలు, రిటైరైన తెలుగు మాస్టారు:

ఎక్కణ్నుంచి వచ్చాయన్నది మీరు సరిగ్గానే చెప్పారు. కానీ ‘నాకిష్టం’ అనడంలో ఆ ‘నాకు’ మనదే. మాట బయటిదైనా నడక మనది, వదలనక్కర్లేదు. వలపు ఆడామగా మధ్యది, కొబ్బరి ముక్కకి అతకదు. కూరిమి ఇద్దరి మధ్య స్నేహం. ‘కూరిమి గల దినములలో’ అని బడిలో చదివిందే కదా. ఇద్దరుంటేనే అది కూరిమి.

కావలి, బేకరీ వాళ్లమ్మాయి:

అయితే ‘మీ ప్రియమైన దిల్‌పసంద్ వచ్చేసింది’ అంటే?

నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేటలో పచారీ కొట్టు ఆమె:

వద్దు తల్లీ! కొట్లో కూర్చున్నదాన్ని చెప్తుండా విను. ప్రియమైంది అంటే మా దగ్గరికి వచ్చేవాళ్లకి రేటు పెరిగిందనే అర్థం. ‘ఉల్లిగడ్డలు ప్రియంగా ఉండాయి’ అంటారు గదా. ఉత్తరం మొదట్లో ‘ప్రియమైన అక్కకి’ అంటే సరే. అమ్మే సరుకు పక్కన రాస్తే ఎంత పెంచారోనని అడగతారు.

మా ఇంట్లో మాట చెప్తా. మా మామకి బేకరీ బన్ను అంటే ప్రాణం. మా చిన్నోడు ఎగ్‌పఫ్ అంటే చెవి కోసుకుంటాడు. నాకు అంతంత లేదు గానీ పాలకోవా కనపడితే ఊరుకోలేను. ఇట్లాంటివి రాయి.

కావలి, బేకరీ వాళ్లమ్మాయి:

‘చెవి కోసుకుంటాడు’ మా ఇంట్లోనూ అంటాం. ఎన్నిసార్లు అన్నానో, రాయాలని మాత్రం ఎప్పుడూ తట్టలేదు! మక్కువ, మోజు, ముచ్చట కూడా గుర్తొస్తున్నాయి. ఏదైనా ఒకటేనా?

ఒంగోలు, రిటైరైన తెలుగు మాస్టారు:

ఒకటి కాదు. కాలం చూసుకో. ముచ్చట కంటికి పుడుతుంది, తినకముందే. అద్దాల బీరువాలో కేకు చూసి పిల్ల ముచ్చటపడుతుంది. నచ్చడం మొదటి ముక్క నోట్లో పడ్డాక. అందుకే తిన్నవాళ్లు ‘నచ్చింది’ అని జరిగిపోయినట్టు చెప్తారు. మక్కువ ఏళ్ల మీద కుదురుకుంటుంది. మోజు కొత్తదాని మీద, ‘మోజు తీరింది’ అనే మాట దాని వెనకాలే ఉంది. ఇరవై ఏళ్లుగా మీరు చేస్తున్న సరుకు పక్కన మోజు పెట్టకు. కొత్తగా తెచ్చిన కేకుకైతే సరిపోతుంది.

పొదిలి, అచ్చతెలుగు అభిమాని:

మరి ‘రుచి మరిగారు’? అందులో ‘మరగడం’ పక్కా తెలుగు. ‘కావలి మొత్తం మా దిల్‌పసంద్ రుచి మరిగింది’ అంటే ఎంత బాగుంటుంది!

ఒంగోలు, రిటైరైన తెలుగు మాస్టారు:

పాలు మరిగిన పిల్లి, నెత్తురు మరిగిన పులి అంటాం. అందులో చెడ్డ అలవాటు వాసన ఉంది. కొనేవాళ్లని అలా అనడం నాకు నచ్చదు.

నెల్లూరు, పచారీ కొట్టు ఆమె:

నాకేం తప్పనిపించలా మాస్టారూ. ‘మీ కాఫీకి మరిగినాం’ అని మా వదినతో ఎదురుగానే అంటాం. ఆమె మురిసిపోతుంది.

కావలి, బేకరీ వాళ్లమ్మాయి:

మా నాన్నని అడిగితే ఆయనా ‘మరిగారు’ బాగుందనే అన్నాడు. అయినా మాస్టారికి కష్టంగా ఉంది కాబట్టి ఈసారికి వాడను.

ఇంకోటి తెలిసింది. మా బట్టీ దగ్గరి మాస్టర్ ఉర్దూ మాట్లాడతారు. దిల్ అంటే గుండె, మనసు, పసంద్ అంటే నచ్చినది అని చెప్పారు. చిన్నప్పటి నుంచి అమ్ముతున్నా, ‘మనసుకి నచ్చింది’ అని దాని పేరులోనే ఉందని నాకిప్పటిదాకా తెలియదు! ఫోన్లో ఫొటో కింద మొదటి రెండు లైన్లే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అందుకని అసలు మాట ముందే పెట్టాను:

‘మనసుకి నచ్చిందని పేరులోనే ఉంది, దిల్‌పసంద్. ఇప్పుడే బట్టీ దిగింది.
మా నాన్నకి దీని మీద ఇరవై ఏళ్ల మక్కువ. మీకూ మనసైతే ఆరులోపు రండి, ముక్కలు తక్కువే ఉన్నాయి.’

ఒంగోలు, రిటైరైన తెలుగు మాస్టారు:

‘బట్టీ దిగింది’ చాలా బాగుంది. అది మేమెవరం చెప్పలేదు, మీ కొట్లో మాటే. ‘ముక్కలు తక్కువే’ అన్నది నిజమైతేనే ఉంచు.

కావలి, బేకరీ వాళ్లమ్మాయి:

నిజమే మాస్టారూ, రేకుకి ముప్పై రెండు, దిగగానే పోయినవి పోగా పదకొండు ఉన్నాయి. మేనత్తకి చదివి వినిపించాను. ‘రెండు ముక్కలు తీసిపెట్టు, వస్తున్నా’ అంది.

ఒంగోలు, మొబైల్ షాపు అతను:

సిస్టర్, మా షాపుకి కూడా ఒకటి చెప్పండి. ఫోన్ అంటే ‘ముచ్చట’ రాయాలా, ‘మోజు’ రాయాలా?